గాంట్ చార్ట్‌లో ఖాళీని కూడా చదవాలి

ఇల్లు కట్టే కాంట్రాక్టర్ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపుతాడు. ఎడమవైపు పనుల పేర్లు, పైన తేదీలు, మధ్యలో రంగు పట్టీలు. దాన్నే గాంట్ చార్ట్ అంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, స్లాబ్ నాలుగు రోజులు వెనకబడితే గోడలు ఎప్పుడు లేస్తాయో ఆ ఫొటో లెక్కేసి చెప్పదు. అందుకు దాన్ని పనుల జాబితాగా రాసుకోవాలి.

ముందు కొలత తేల్చుకోవాలి. ఫొటోను కంప్యూటర్‌లో పెయింట్‌తో తెరిస్తే కర్సర్ ఏ పిక్సెల్ మీదుందో కింద కనిపిస్తుంది. వారం గడి 70 పిక్సెళ్లు ఉందనుకుందాం, అంటే రోజుకు 10. మొదటి గడి జూన్ 1, సోమవారం. సెంట్రింగ్, కమ్మీల పని పట్టీ అక్కడే మొదలై 120 పిక్సెళ్లు సాగింది. అంటే జూన్ 12 దాకా. మధ్యలో ఒక ఆదివారం సెలవు కాబట్టి జాబితాలో 11 పనిరోజులే రాయాలి. రెండో వరుసలో స్లాబ్ కాంక్రీటు, 13న ఒక్కరోజు పని.

అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. మూడో పని సెంట్రింగ్ విప్పడం. దాని పట్టీ జూన్ 29న మొదలవుతుంది. స్లాబ్ పట్టీ కుడి కొస నుంచి దీని ఎడమ కొసకు బాణం ఉంది, అంటే అది పూర్తయ్యాకే ఇది. మరి మధ్యలో 15 రోజుల ఖాళీ ఎందుకు? భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద పోట్లు మామూలుగా 14 రోజులైనా ఉంచాలి. పదిహేనో రోజు ఆదివారం. కూలీలు సోమవారమే వస్తారు.

కాంక్రీటుకు ఆదివారం సెలవు లేదు కదా! అందుకే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో మూడో పనికి ముందు పని గడిలో ఇలా కొట్టాలి:

```
2FS+14ed
```

2 అనేది వరుస సంఖ్య, FS అంటే అది ముగిశాక ఇది మొదలు, ed అంటే సెలవులతో కలిపిన రోజులు. పొరపాటున 14d అని కొడితే ఆదివారాలు వదిలేసి లెక్కపెట్టి, పని జులై 1కి జరుగుతుంది. తప్పు పట్టుకునే దారి కూడా ఇదే. జాబితా నుంచి వచ్చిన తేదీలు ఫొటోలోని పట్టీలతో కలవాలి.

బాణం ఎడమ కొస నుంచి ఎడమ కొసకే వెళితే సంగతి వేరు. నాలుగో పని గోడలు జులై 1న మొదలై, ఐదోదైన కరెంటు పైపుల పని 6న మొదలైతే `4SS+4d` అని రాయాలి. గోడలు మొదలై నాలుగు పనిరోజులు గడిచాక ఎలక్ట్రీషియన్ దిగుతాడన్నమాట.

చాలా స్క్రీన్‌షాట్లలో బాణాలే ఉండవు. ఒక పట్టీ ముగిసిన చోటే ఇంకోటి మొదలైనంత మాత్రాన వాటికి సంబంధం ఉందనుకోవద్దు. మేస్త్రీ అప్పుడే ఖాళీ అవుతాడని అలా గీసి ఉండొచ్చు. అలాంటి చోట ప్రశ్నార్థకం పెట్టి, కాంట్రాక్టర్‌ని అడిగాకే ఆ గడి నింపండి.