తెనాలి తాతయ్య ఏడీ?

మనవరాలి మొదటి పుట్టినరోజు నెల్లాళ్లు ఉందనగా అమ్మాయికి ఫోన్ చేసి, "పాప బొమ్మలన్నీ ఒకచోట పెట్టి ఫోటో తీసి పంపవే" అన్నాను. ఫోటో వచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చే రంగురంగుల రింగులు రెండు జతలు, నొక్కితే పాడే ఏనుగు, పియానో, మెత్తటి ఎలుగుబంట్లు మూడు. మేం కొందామనుకున్న చెక్క నడక బండి కూడా ఓ మూల నిలబడి ఉంది. "ఇంకా మా ఆఫీసు వాళ్లు తెచ్చేవి రాలేదమ్మా" అంది అమ్మాయి.

ఉన్నవేమిటో ముందే అడిగి తెలుసుకోవడం మంచిదే కానీ, దాంతో చిక్కు సగమే తీరుతుంది. ఆ రోజు ఎవరు ఏం తెస్తారో కన్నవాళ్లకూ తెలియదు. దుకాణంలో దొరికే వస్తువు ఏదైనా ఆ ఇంట్లో రెండోది కావచ్చు. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకనిది ఏముందా అని ఆలోచిస్తే తేలింది ఒక్కటే, మా ముఖాలు. వాటితోనే చిన్న ఫోటోల పుస్తకం చేయించి ఇచ్చాం.

ఏడాది పిల్లకు పుస్తకమేమిటని మా ఆయన నవ్వారు. నిజానికి ఆ వయసుకు అది సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో జూడీ డెలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. తొమ్మిది నెలల పిల్లల ముందు వస్తువుల ఫోటోలు పెడితే, వాళ్లు కాగితం మీది వస్తువును పట్టుకోబోయారు, గీరారు, తట్టారు. 19 నెలల పిల్లలు మాత్రం చాలావరకు వేలు పెట్టి చూపించారు. బొమ్మ వేరు, వస్తువు వేరు అన్న సంగతి ఈ మధ్యకాలంలో మెల్లగా తెలిసొస్తుందన్నమాట. ఏడాది పిల్ల సరిగ్గా ఆ దారి మధ్యలో ఉంటుంది. కాబట్టి మొదట్లో పుస్తకాన్ని కొడుతుంది, కొరుకుతుంది, విసిరేస్తుంది. కొన్ని నెలలకు అదే పుస్తకంలో అదే ముఖాన్ని వేలితో చూపిస్తుంది. ఆర్నెల్లకు మూలపడే బొమ్మ కాదిది.

ఫోటోలు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. మేం మొదట పెళ్లి ఫోటోలు తిరగేశాం. అందులో పదిమంది వరుసగా నిలబడి ఉంటే ఒక్కొక్కరి ముఖం కందిగింజంత ఉంది. పసిపిల్లకు అది పనికిరాదు. పేజీకి ఒక్క ముఖమే ఉండాలి, అదీ పేజీలో సగానికి పైగా నిండాలి. వెనక ఖాళీ గోడ ఉంటే చాలు. నల్ల కళ్లద్దాలు వద్దు. రోజూ కళ్లజోడు పెట్టుకునే తాతయ్య మాత్రం దానితోనే ఉండాలి, ఎందుకంటే పాప చూసేది ఆ ముఖాన్నే. పొద్దున వరండాలో, ఎండ నేరుగా పడని చోట కూర్చోబెట్టి ఫోన్‌తోనే అన్నీ కొత్తగా తీశాం.

ఎడమ పేజీలో మనిషి, కుడి పేజీలో ఆ మనిషికి సంబంధించిన వస్తువు. తాతయ్యకు సైకిలు, నాకు పూలసజ్జ, మేనమామకు హెల్మెట్. నాయనమ్మ వాళ్లను వదిలేస్తే మాటొస్తుంది, పైగా పాపకూ లోటే. వియ్యపురాలిని అడిగి వాళ్ల ఫోటోలు తెప్పించాం. తాతయ్యలు ఇద్దరు కాబట్టి పేజీ కింద ఊరు పేరు కలిపి రాశాం: తెనాలి తాతయ్య, ఏలూరు తాతయ్య. చివరి పేజీలో పాప ముఖమే. మొత్తం పది అట్టలకు మించనివ్వలేదు.

తయారీలో ఒకసారి దెబ్బతిన్నాం. ముందు జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి స్పైరల్ వేయించాను. తీరా చూస్తే మూలలు బ్లేడులా గీరుకుంటున్నాయి, స్పైరల్ తీగ కొస బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని పక్కన పడేశాం. తర్వాత పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోకి వెళ్లాం. కరిజ్మా ఆల్బమ్ చేసేవాళ్ల దగ్గర చిరగని మందపాటి షీట్లు ఉంటాయి. ఆరంగుళాల చదరంలో, మెరుపు లేని ప్రింటుతో చేయమన్నాం. మెరిసే పేజీలో ట్యూబులైటు వెలుగు పడి ముఖం కనపడదు. మూలలు గుండ్రంగా కోయమన్నాం. పెళ్లి ఆల్బమ్‌కి పెట్టే రాళ్లు, ఇత్తడి అంచులు, అద్దం అట్ట ఏవీ వద్దని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాళ్ల చేతికి అలవాటైన పని అది మరి.

పుస్తకం చేతికొచ్చాక వెంటనే ఇవ్వకూడదు. ప్రతి పేజీ అంచునూ గోటితో లేపి చూడాలి. పొర లేచిందంటే పాప పళ్లకు అక్కడే దొరుకుతుంది. రెండు అట్టలు పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. ఊడే ముక్క ఏదైనా ఉందేమో వెతకాలి. చిన్నపిల్లల బొమ్మలను పరీక్షించేవాళ్లు 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడే ముక్క గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని లెక్క. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. నాణేనికి కాస్త పెద్ద ముక్క కూడా ప్రమాదమేనని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంత చూసి ఇచ్చినా, రోజూ నోట్లో పెట్టుకుంటే అట్ట అంచులు నాని విడిపోతాయి. అప్పుడు మొహమాటపడకుండా తీసేయమని అమ్మాయికి ముందే చెప్పాం. ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి, మళ్లీ చేయించవచ్చు.

మేం చేసిన తెలివైన పని ఒకటుంది. ఒకటి కాక రెండు పుస్తకాలు చేయించాం. రెండోది మా దగ్గరే ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో అక్కడ అమ్మాయి ఒక పేజీ తెరిస్తే ఇక్కడ నేనూ అదే పేజీ తెరుస్తాను. "తెనాలి తాతయ్య ఏడీ?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంటాను. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నాలుగు సెకన్లు ఆగకుండానే "ఇడుగో, ఇడుగో" అని తామే చూపించేస్తారు. పాపకు ఆ ప్రశ్న చెవిలో పడి, కళ్లు పేజీ మీద తిరిగి, చెయ్యి లేవడానికి సమయం కావాలి. మొదటి వారాల్లో వేలు చూపించదు, కళ్లు మాత్రం ఆ వైపు తిప్పుతుంది. అదీ జవాబే. రెండు మూడు పేజీలయ్యాక మొహం తిప్పేసుకుంటే అక్కడితో ఆపేయాలి.

ఏడాదిన్నర వయసులో పాప తెనాలి వచ్చింది. ఆటో దిగి, గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డ మా ఆయనను దాటుకుని పోయి, వరండాలో స్టాండు వేసి ఉన్న సైకిలుకు వేలు చూపించి "తాత" అంది. ఎదురెదురు పేజీల్లో పెట్టిన పాపం మాదే. ఆయన మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. పుస్తకం తెచ్చి, సైకిలు పక్కనే నేల మీద చతికిలబడి, ఎడమ పేజీ తెరిచారు.