లేత్ మిషను చెక్క పెట్టె: కొలతలు, బరువు లెక్క (గత ఎపిసోడ్‌కి జతగా)

గత ఎపిసోడ్‌లో షార్జాలో వర్క్‌షాప్ నడిపే అన్న ఒకాయన తన పాత లేత్ మిషనును విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న తమ్ముడికి పంపిన సంగతి చెప్పారు కదా. మాటల్లో అంకెలు గబగబా వెళ్ళిపోయాయి, కాస్త రాసి పెట్టండి అని చాలామంది అడిగారు. అదే ఈ పోస్టు.

ముందు ఆయన ఎక్కడ పొరబడ్డారో చూద్దాం. ఏజెంటు ఫోన్ చేసి కొలతలు అడిగితే, క్యాటలాగ్ చూసి మిషను కొలతలే చెప్పేశారు. పొడవు 2200 మి.మీ., వెడల్పు 950, ఎత్తు 1450. అంటే దాదాపు 3 క్యూబిక్ మీటర్లు. బరువు మాత్రం, "మిషను 1800 కిలోలు, పెట్టెకి ఓ 200 వేసుకోండి, రెండు టన్నులు" అన్నారు. పెట్టె తయారయ్యాక కొలిస్తే 5.3 క్యూబిక్ మీటర్లు వచ్చింది, బరువు 2290 కిలోలు దాటింది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కో పొరగా చూడండి.

లోపలి నుంచి బయటికి

మిషను చుట్టూ నాలుగు వైపులా, పైనా 50 మి.మీ. ఖాళీ వదలాలి. దారిలో పెట్టె కాస్త ఒరిగినా గోడ మిషనుకి తగలకూడదు. లోపల పొడవు 2300, వెడల్పు 1050, ఎత్తు 1500 అయింది.

గోడకి 25 మి.మీ. మందం పలకలు. ఒట్టి పలకలు నిలబడవు కాబట్టి లోపలి వైపు 100×50 బద్దెలతో ఫ్రేము కడతారు. బద్దె 50, పలక 25, కలిపి ఒక్కో గోడ మందం 75. చాలామంది పలక మందం లెక్కేసి బద్దెని మర్చిపోతారు. రెండు వైపులా 75 కలిపితే బయటి పొడవు 2450, వెడల్పు 1200.

ఇక ఎత్తు. అన్నా, ఆయన కార్పెంటరూ తడబడింది ఇక్కడే. కింద పొడవునా మూడు స్కిడ్లు, ఒక్కోటి 100×100. వాటి మీద అడ్డంగా 50 మి.మీ. నేల పలకలు. లోపలి ఎత్తు 1500. పైన మూత 75. అన్నీ కలిపితే 1725. ఏజెంటుకి రెండోసారి చెప్పింది ఈ అంకే.

కానీ పెట్టె పొడవు రెండున్నర మీటర్లు. మామూలు ఫోర్కు పొడవు 1200 మి.మీ. చివరి నుంచి ఫోర్కులు దూర్చితే పెట్టె సగం దాకానే వెళ్తాయి, ఎత్తగానే ముందుకు తూలుతుంది. పక్క నుంచి ఎత్తాలంటే పొడవునా ఉన్న స్కిడ్లు అడ్డం. స్కిడ్డుని గాడి పెట్టి కోస్తే, సరిగ్గా బరువు మోసే చోటే లోతు తగ్గిపోతుంది. లోతు సగం చేస్తే చెక్క వంపుని తట్టుకునే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే కోయకుండా స్కిడ్ల కింద 75 మి.మీ. మందం ముక్కలు ఎడం ఎడంగా కొడతారు. ఆ సందుల్లోంచే ఫోర్కులు, క్రేన్ బెల్టులు వెళ్తాయి.

ఈ ముక్కలు కాగితం మీద లేవు, చివర్లో కొట్టారు. దాంతో ఎత్తు 1800 అయింది. 2.45 × 1.20 × 1.80 అంటే 5.29 క్యూబిక్ మీటర్లు. ఇతరుల సరుకుతో కలిపి కంటైనర్‌లో పంపేటప్పుడు టన్నులూ క్యూబిక్ మీటర్లూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి చార్జి వేస్తారు. మన పెట్టెకి 2.3 కంటే 5.29 ఎక్కువ. అంటే చెక్క మందం నేరుగా బిల్లులోకి వస్తుంది.

చెక్క బరువు

ప్రతి భాగం ఘనపరిమాణం విడిగా వేసి కలపాలి. మూడు స్కిడ్లు 0.07 క్యూబిక్ మీటర్లు. నేల పలకలు 0.15. గోడలు, మూత పలకలు కలిపి 0.35. బద్దెలన్నీ కలిపి దాదాపు 53 మీటర్ల పొడవు, అది 0.26. కింది ముక్కలు 0.03. మొత్తం 0.86.

బాగా ఆరిన పైన్ చెక్క క్యూబిక్ మీటరుకి సుమారు 550 కిలోలు వేసుకోవచ్చు. 473 కిలోలు వచ్చింది. బోల్టులు, మేకులు, పట్టీలు, ప్లాస్టిక్‌కి ఇంకో 20. మిషను 1800తో కలిపితే 2293 కిలోలు. "ఓ 200 వేసుకోండి" అన్నది అసలు బరువులో సగం కూడా కాదన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చి చెక్క అయితే క్యూబిక్ మీటరుకి 750 దాకా ఉండొచ్చు, అదే పెట్టె ఇంకో 170 కిలోలు పెరుగుతుంది. చెక్క మీద HT ముద్ర ఉంది కదా, ఆరే ఉంటుంది అనుకోవద్దు. చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉందని, అంటే పురుగు చచ్చిందని మాత్రమే ఆ ముద్ర అర్థం. తేమ పోయిందని కాదు. ఇండియాకి పంపే పెట్టెకి ఈ ముద్ర తప్పనిసరి. చివర్లో కొట్టిన ఆ కింది ముక్కలు కూడా ముద్ర ఉన్న చెక్కే అయి ఉండాలి. మూల పడున్న పాత ముక్క కొడితే మొత్తం పెట్టెకే ఇబ్బంది.

ఫోర్క్‌లిఫ్ట్ దగ్గర

గోదాములో రెండున్నర టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ ఉంది. రెండు టన్నులన్నారు కాబట్టి సరిపోతుందనుకున్నారు. కానీ ఆ రెండున్నర టన్నుల రేటింగు, బరువు మధ్యభాగం ఫోర్కు ముఖం నుంచి 500 మి.మీ. దూరంలో ఉన్నప్పటిది. మన పెట్టె వెడల్పు 1200, కాబట్టి మధ్యభాగం 600 దగ్గర ఉంటుంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కు ముఖం దాకా 450 అనుకుంటే లెక్క ఇలా:

```
2500 × (450 + 500) / (450 + 600) = 2262
```

2262 కిలోలు. మన పెట్టె 2293. అంకెల్లో చిన్న తేడానే, కానీ మోయగలిగే హద్దు దాటేశాం. ఇది అంచనా మాత్రమే, అసలు మాట బండికి ఉన్న రేకు మీద రాసి ఉంటుంది. అన్న చెప్పారు కదా, "వెనక చక్రాలు నేల వదిలాయిరా తమ్ముడూ, డ్రైవరు వెంటనే దించేశాడు" అని. తర్వాత మూడు టన్నుల బండి తెప్పించారు.

లేత్‌కి ఇంకో మెలిక ఉంది. హెడ్‌స్టాక్ వైపు బరువు ఎక్కువ కాబట్టి బరువు కేంద్రం పొడవులో సరిగ్గా మధ్యన ఉండదు. పెట్టె మూయకముందే మిషనుని బెల్టుతో కాస్త ఎత్తి, ఎక్కడ సమంగా తూగుతుందో చూసి, ఆ గీత రెండు పక్క గోడల మీదా పెయింటుతో వేయండి. కింది ముక్కల సందులు ఆ గీతకి ఇటూ అటూ సమానంగా రావాలి. మిషను పాదాల బోల్టులు కూడా నేల పలకతో ఆగకుండా స్కిడ్ దాకా దిగాలి.

బరువుని పెట్టె మీదే రాయాలి. టన్ను, అంతకు మించిన సరుకు ఓడలో వెళ్ళేటప్పుడు బరువు బయట రాయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1929 నాటిది. 2016 జూలై 1 నుంచి కంటైనర్ మొత్తం బరువు సరిచూసి చెప్పకపోతే ఓడ ఎక్కించరు. మీరిచ్చిన తప్పు అంకె ఆ మొత్తంలో కూడా కలుస్తుంది.

అందుకే అన్న ఇప్పుడు పాటించే పద్ధతి ఇదీ: మొదట పొరల లెక్క వేసి ఏజెంటుకి అంచనా ఇవ్వడం, ఆఖరి మేకు కొట్టాక టేపు పెట్టి బయటి కొలతలు తీయడం, కాటా మీద తూచిన అంకెనే కాగితాల్లో రాయడం. లెక్కకీ కాటాకీ తేడా 50 కిలోలు దాటితే చెక్క పచ్చిదా, లేక ఏదైనా భాగం లెక్కలో మర్చిపోయామా అని వెతకండి. ఆయన విషయంలో మర్చిపోయింది స్కిడ్ల కింది ఆ 75 మి.మీ. ముక్కలే.