డిశ్చార్జ్ సమ్మరీ: తర్వాతి డాక్టరుకి ఏం తెలియాలి?

గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషి, ఇబ్బందులేమీ రాకపోతే, మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి వచ్చేస్తాడు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి నెల రోజుల్లో. ఆ నెలలో చాలా భాగం స్టెంట్ వేసిన డాక్టరు కళ్లెదుట గడవదు. ఊళ్లో, ఇంట్లో, దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్ చేతిలో గడుస్తుంది. ఆయనకి పెద్దాసుపత్రి సంగతులు చెప్పేది డిశ్చార్జ్ సమ్మరీయే. అది సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో, సరిగ్గా రాస్తే ఎలా ఉంటుందో ఒక ఊహించిన కేసుతో చూద్దాం.

మార్కాపురం దగ్గరి పల్లెలో 58 ఏళ్ల రైతు. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాడు. మోకాళ్ల నొప్పులు ఎక్కువైనప్పుడు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుంటాడు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసి, ఒళ్లంతా చెమటలు పడితే గుంటూరు తీసుకెళ్లారు. గుండె ముందు భాగానికి రక్తం అందించే ఎల్ఏడీ అనే నాళం మూసుకుపోయింది. యాంజియోప్లాస్టీ చేసి, మందు పూసిన స్టెంట్ ఒకటి వేశారు. ఎకోలో గుండె పంపింగ్, అంటే ఈఎఫ్, 40 శాతం ఉంది. మామూలుగా 55 దాటి ఉండాలి. యాంజియోగ్రాంలో ఎక్కించే రంగు మందు వల్ల కిడ్నీలు కాస్త నలిగి, క్రియాటినిన్ 1.1 నుంచి 1.6కి పెరిగింది. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ కనిపిస్తే, టీబీ ఏమోనని కళ్లె కల్చర్‌కి పంపారు. ఆ ఫలితం రావడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఐదో రోజు ఇంటికి పంపారు.

ఇలాంటి మనిషి చేతికి చాలాచోట్ల వచ్చే సమ్మరీలో నాలుగు పేజీల రక్తపరీక్షల అంకెలు ఉంటాయి. 'ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఇబ్బందులేమీ లేవు, నిలకడగా ఉన్న స్థితిలో డిశ్చార్జ్ చేశాం' అని ఒక వాక్యం ఉంటుంది. కింద ఏడెనిమిది మందుల బ్రాండు పేర్లు. చివర్లో 'వారం తర్వాత రిపోర్టులతో రండి' అని ఉంటుంది. ఏ రిపోర్టులు? ఎవరి దగ్గరికి? వాటిని చూసి ఏం తేల్చుకోవాలి? ఆ మాట ఎక్కడా ఉండదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ మార్కాపురంలో కూర్చున్న డాక్టరుకి అది ఏమాత్రం పనికిరాదు.

ఆ డాక్టరు మొదట వెతికేది మందుల మార్పులు. ఇప్పుడు రాసిన మందులు మాత్రమే తెలిస్తే సరిపోదు. పాతవాటిలో ఏవి కొనసాగుతున్నాయి, ఏవి ఆపారు, ఎందుకు ఆపారు అన్నది కూడా తెలియాలి. మన రైతు సమ్మరీలో కొత్త మందుల కింద ఆస్పిరిన్ 75, టికాగ్రెలార్ 90 పొద్దున ఒకటి రాత్రి ఒకటి, అటోర్వాస్టాటిన్ 80 రాత్రికి, మెటోప్రొలాల్ 25 పొద్దున, షుగరుకి లినాగ్లిప్టిన్ 5, కడుపులో పుండు పడకుండా పాంటోప్రజోల్ 40 ఉన్నాయనుకోండి. పాత ఆమ్లోడిపిన్ ప్రస్తావనే లేకపోతే ఆయన ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు కూడా వేసుకుంటాడు. ఈ ఐదు రోజుల్లో బీపీ 110కి దిగి ఉంది. రెండూ కలిస్తే పొద్దున్నే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. 'ఆమ్లోడిపిన్ ఆపాం, బీపీ 110/70 ఉన్నందున' అని ఒక్క వరుస ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది.

మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. దాన్ని ఎప్పటికీ ఆపేయలేదు, క్రియాటినిన్ పెరిగింది కాబట్టి కొన్నాళ్లు పక్కన పెట్టారు. ఈ తేడా రాయకపోతే ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. ఒకరు వెంటనే మొదలుపెడతారు, ఇంకొకరు ఈయనకి మెట్‌ఫార్మిన్ పడదని ఏళ్ల తరబడి దూరంగా ఉంచుతారు. ఈ రోగికి రాయాల్సింది ఇలా ఉంటుంది: 'వారానికి క్రియాటినిన్ చూడండి. 1.4 లేదా అంతకంటే తక్కువకి దిగితే పాత మోతాదులో మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టండి, లినాగ్లిప్టిన్ అవసరమా కాదా అప్పుడు చూడండి.' డైక్లోఫెనాక్ మాత్రం పూర్తిగా మానేయాలి. గుండెపోటు వచ్చినవాళ్లకి అది మంచిది కాదు, కిడ్నీలకీ చేటే, పైగా రక్తం పలచబరిచే రెండు మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మెడికల్ షాపులో కొనుక్కునే మందు కాబట్టి ఆసుపత్రి రికార్డులో అసలు ఎక్కకుండా పోయేది ఇలాంటిదే. నొప్పికి దాని బదులు పారాసిటమాల్ వాడమని కూడా రాయాలి, లేకపోతే నొప్పి భరించలేక ఆయన మళ్లీ అదే షాపుకి వెళ్తాడు.

ఇంకొకటుంది, అనుభవమున్న డాక్టర్లు మాత్రమే రాసేది. ఈఎఫ్ తగ్గినవాళ్లకి రామిప్రిల్ లాంటి మందు ఇవ్వడం మామూలు. ఈ లిస్టులో అది లేదు. మరిచిపోయారా, కావాలని ఆపారా? 'కిడ్నీ కుదుటపడే దాకా రామిప్రిల్ మొదలుపెట్టలేదు. వారం తర్వాత క్రియాటినిన్, పొటాషియం బాగుంటే 1.25తో మొదలుపెట్టండి' అని రాస్తే, పెద్దాసుపత్రి సగంలో ఆపిన నిర్ణయం సరైన చేతికి అందుతుంది. నా దృష్టిలో సమ్మరీ మొత్తంలో అత్యంత విలువైన వాక్యం ఇదే. చేసిన పనులు ఎవరైనా రాస్తారు. చేయకుండా ఆగినవి, వాటి వెనకున్న ఆలోచన రాయడానికి రోగిని నిజంగా ఎరిగిన డాక్టరు కావాలి. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు పాత సమ్మరీని కాపీ చేసి పేరు మార్చే చోట ఆ వాక్యం పుట్టదు.

టికాగ్రెలార్ దగ్గర కొంచెం ఆగాలి. ఇది ఎంతకాలం వాడాలో తేదీతో సహా ఉండాలి. స్టెంట్ మార్చి 3న వేస్తే, 'వచ్చే ఏడాది మార్చి 3 దాకా; ఆస్పిరిన్ జీవితాంతం' అని రాయాలి. మధ్యలో పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, వేరే ఆపరేషన్ పడినా, కార్డియాలజిస్టుని అడగకుండా ఆపకూడదని స్పష్టంగా ఉండాలి. ఈ మందు వల్ల కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే, రోగి 'ఈ మాత్ర పడట్లేదు' అని తనంతట తానే మానేస్తాడు, స్టెంట్ మూసుకుపోయే దారి అదే. ఆయాసం మందు వల్లా, గుండె బలహీనపడటం వల్లా అన్నది పరీక్షించి తేల్చాల్సింది డాక్టరు.

ఇక రావాల్సిన రిపోర్టులు. రైతు ఇంటికి వెళ్లిన నెల తర్వాత కళ్లె కల్చర్‌లో టీబీ ఉందని తేలిందనుకోండి. రిపోర్టు గుంటూరు ల్యాబ్‌లో పడి ఉంటుంది. దాని కోసం ఎదురుచూసేవాళ్లే లేకపోతే ఎవరూ అడగరు. అందుకే సమ్మరీలో 'ఇంకా రాని ఫలితాలు' అని ఒక శీర్షిక ఉండాలి. ఏ పరీక్ష, ఏ రోజు శాంపిల్ తీశారు, ల్యాబ్ నంబరెంత, ఎప్పటికి వస్తుంది, రాగానే రోగికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఎవరిది అన్నవి అక్కడ రాయాలి. మచ్చకి మళ్లీ ఎక్స్‌రేనో సీటీనో ఎప్పుడు తీయాలో కూడా చెప్పాలి. ఈ కేసులో ఇంకో చిక్కు ఉంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ రక్తంలో టికాగ్రెలార్ పనిని బాగా తగ్గిస్తుంది. పీహెచ్‌సీలో టీబీ మందులు మొదలుపెట్టేవాళ్లకి స్టెంట్ సంగతి గుర్తుకురాకపోవచ్చు. 'టీబీ అని తేలితే చికిత్స మొదలుపెట్టే ముందే మాకు ఫోన్ చేయండి, రక్తం పలచబరిచే మందు మార్చాల్సి ఉంటుంది' అన్న రెండు ముక్కలు ఆ రోజు ప్రాణం కాపాడతాయి.

డిశ్చార్జ్ నాటి స్థితిని కూడా 'స్టేబుల్' అనే మాటతో సరిపెట్టకూడదు. బీపీ, నాడి, బరువు, ఎంత దూరం నడవగలుగుతున్నాడు అన్నవి అంకెల్లో ఉండాలి. వీటిలో బరువు ముఖ్యం. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. ఇంటికి పంపిన రోజు 64 కిలోలని కాగితం మీద లేకపోతే, వారం తర్వాత 67 చూసిన డాక్టరుకి అది పెరిగిన బరువని ఎలా తెలుస్తుంది?

ఇవన్నీ డాక్టరు కోసం. రోగి కోసం చివర ఒక పేజీ తెలుగులో ఉండాలి. ఇంగ్లిషు పేజీకి అనువాదం అక్కర్లేదు. మందు అసలు పేరు, ఏ జబ్బుకి, 1-0-1 లాగా ఏ పూట ఎన్ని, ఎప్పటిదాకా అన్నవి చాలు. ఇదివరకటి మందుల్లో ఇక వేసుకోకూడనివి విడిగా రాయాలి. వారానికి మార్కాపురంలోనే ఏ రక్తపరీక్షలు చేయించాలి, నెలకి కార్డియాలజిస్టు దగ్గరికి ఏ తేదీన రావాలి, మూడు నెలలకి మళ్లీ ఎకో ఎందుకు తీస్తారు అన్నది మామూలు మాటల్లో ఉండాలి. మళ్లీ ఛాతీ నొప్పి వచ్చినా, చెమటలు పట్టి ఆయాసమొచ్చినా, మలం నల్లగా వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ఏం చేయాలో రాయాలి. నొప్పికి 108కి ఫోన్ చేయాలి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

ఆసుపత్రుల నాణ్యతని గుర్తించే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లో వీటిలో చాలా భాగం ఇప్పటికే ఉంది. చేర్చుకున్న కారణం, నిర్ధారణ, చేసిన చికిత్స, ఇంటికి పంపేటప్పటి స్థితి, అర్థమయ్యే రీతిలో మందుల సూచనలు, అత్యవసరమైతే ఎవరిని సంప్రదించాలి అన్నవి అడుగుతుంది. మందుల్ని బ్రాండు పేరుతో కాక జెనరిక్ పేరుతో, వీలైతే పెద్ద అక్షరాల్లో, స్పష్టంగా రాయాలని వైద్యుల నియమావళికి 2016లో సవరణ వచ్చింది. ఊళ్లోని షాపులో ఆ బ్రాండు దొరకనప్పుడు జెనరిక్ పేరే ఆదుకుంటుంది.

బిల్లు కట్టి బయల్దేరే హడావుడిలో ఈ కాగితం చదవడం కష్టం. అందుకే డిశ్చార్జ్ ముందురోజే డ్రాఫ్టు అడగండి. ఇంట్లో వాడుతున్న పాత మందుల స్ట్రిప్పులన్నీ తెచ్చి మంచం మీద పరిచి, ఒక్కొక్కటి చూపించి 'ఇది వాడాలా, మానాలా?' అని డాక్టరునే అడగండి. జవాబు సమ్మరీలో ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే రాయించండి. యాంజియో సీడీ, స్టెంట్ కార్డు తీసుకోవడం మరవకండి. ఇంటికి వెళ్లాక ఏదో లోపం కనిపిస్తే దిద్దిన ప్రతి ఇమ్మని అడగొచ్చు. పూర్తి రికార్డులు కావాలంటే లిఖితపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి నియమావళే చెబుతోంది.