పీఎన్‌ఆర్ వచ్చింది సరే.. టికెట్ నంబర్ ఉందా?

సెలవులకు విదేశీ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? ఉదాహరణకు కోకాపేటలో ఉండే మీరు నలుగురు కుటుంబ సభ్యులతో శంషాబాద్ నుంచి సింగపూర్ వెళ్లాలనుకున్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కనిపించిన ఏజెంట్ తక్కువ ధర చెప్పాడు. డబ్బు పంపగానే పీడీఎఫ్ వచ్చింది. అందులోని ఆరు అక్షరాల పీఎన్‌ఆర్‌ను విమాన సంస్థ సైట్‌లో కొడితే మీ పేర్లు కనిపించాయి. ఇక నిశ్చింతే అనుకుంటే పొరపాటు.

పీఎన్‌ఆర్ అంటే?

అది సీట్లు మీ పేరిట పట్టి ఉంచారనే గుర్తు మాత్రమే. ఏజెంట్లు డబ్బు కట్టకుండానే కొంత గడువు వరకు సీట్లు హోల్డ్‌లో పెట్టగలరు. గడువులోగా టికెట్ జారీ చేయకపోతే బుకింగ్ దానంతటదే రద్దవుతుంది. డబ్బు కట్టి టికెట్ తీశారనడానికి రుజువు 13 అంకెల ఈ-టికెట్ నంబర్. మొదటి మూడు అంకెలు విమాన సంస్థ కోడ్: ఎయిరిండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 618. నలుగురు వెళ్తుంటే నాలుగు నంబర్లు ఉండాలి. కొన్ని చౌక విమాన సంస్థలు ఈ నంబర్ ఇవ్వవు. అక్కడ బుకింగ్ స్టేటస్‌లో Confirmed అని ఉందా, Hold అని ఉందా చూడాలి.

ఒక్కసారి చూస్తే చాలదు

టికెట్ నిజంగానే తీసి, మీకు పంపాక రద్దు చేసే మోసగాళ్లూ ఉంటారు. రిఫండ్ సాధారణంగా డబ్బు కట్టిన ఖాతాకే, అంటే ఏజెంట్‌కే వెళ్తుంది. అందుకే రెండు రోజుల తర్వాత ఒకసారి, ప్రయాణానికి వారం ముందు మరోసారి చూడండి. వీలైతే విమాన సంస్థ సైట్‌లో మీ సొంత కార్డుతోనే కట్టండి.

హోటల్‌కూ ఇదే సూత్రం. ‘పే ఎట్ హోటల్’ పద్ధతిలో పైసా కట్టకుండా గది బుక్ చేసి, ఆ కన్ఫర్మేషన్ చూపించి మీ దగ్గర పూర్తి డబ్బు తీసుకోవచ్చు. హోటల్ సొంత సైట్‌లోని మెయిల్‌కు రాసి, డబ్బు ముట్టిందా అని అడగండి.

ధర చివరి పేజీలోనే

మొదట కనిపించే రేటు చూసి పోల్చకండి. కన్వీనియన్స్ ఫీజు, ముందే టిక్ పెట్టి ఉన్న ఇన్సూరెన్స్ చెల్లింపు పేజీలోనే బయటపడతాయి. విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు మార్కప్ అదనం. లక్ష రూపాయల హోటల్ బిల్లుపై 3.5 శాతం అంటే రూ.3,500, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.630. మొత్తం రూ.4,130 భారం.

మోసం జరిగిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.inలో ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.