కదలకుండానే గుండెకు పరుగెందుకు?

వక్తృత్వపు పోటీలో తర్వాతి పేరు మీదే. మీరు పరుగెత్తలేదు, బరువు ఎత్తలేదు. అయినా గుండె దడదడ కొట్టుకుంటోంది. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్న మీ అన్నకూ, సెల్‌ఫోనులో ఆన్‌లైన్ ఆట ఆడే మీ స్నేహితునికీ ఇంతే. కదలని శరీరంలో గుండెకు ఈ తొందర దేనికి?

గుండె కుడి కర్ణిక గోడలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న భాగం ఉంది. గుండె లయను నడిపేది ఇదే. దాని మానాన దాన్ని వదిలేస్తే పెద్దవారిలో గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో మాత్రం మెదడు నుంచి వచ్చే వేగస్ నరం, ఎద్దు పగ్గం బిగపట్టినట్లు, ఆ వేగాన్ని 70, 80 దగ్గర ఆపుతుంది. సభ ముందు నిలబడాలన్న తలపు రాగానే మెదడు ఈ పగ్గాన్ని వదులు చేస్తుంది. ఆపైన సహానుభూత నరాలు, అధివృక్క గ్రంథులు విడిచే అడ్రినలిన్ గుండెను ఇంకా తరుముతాయి. నడక మొదలుపెట్టినప్పుడు కూడా ముందుగా వదులయ్యేది ఆ పగ్గమే. అందుకే నాడిని మాత్రమే లెక్కిస్తే దడకూ, నడకకూ తేడా తెలియదు.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1993లో ఇందుకొక పరీక్షను ప్రకటించారు. పరీక్షకుల ముందు ప్రసంగించాలి. ఆ తర్వాత 1022 నుంచి వరుసగా 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికే! ఈ మాటలకూ, లెక్కలకే నాడి వేగం పెరిగింది.

మీరూ పరీక్షించవచ్చు. మణికట్టు వద్ద 30 సెకండ్లు నాడిని లెక్కించి రెండుతో హెచ్చించండి. కూర్చున్నప్పుడు 76, నిలబడితే 84, ప్రసంగానికి ముందు నిలబడి ఉండగా 104 వచ్చాయనుకుందాం. కంగారు వల్ల పెరిగింది 28 కాదు, 20 మాత్రమే. మిగిలిన 8 నిలబడినందువల్ల వచ్చినవి. మన అనంతపురం ఎండ కూడా నాడిని పెంచుతుంది. చర్మాన్ని చల్లబరచడానికి గుండె అక్కడికి ఎక్కువ రక్తం పంపాలి కదా! కనుక అన్ని లెక్కలూ ఒకే నీడలో తీసుకోండి.

మైదానంలో నడిచినా 104 రావచ్చు. మరి రెండూ ఒకటేనా? కావు. చురుకైన నడకలో కాలి కండరాలు పనిచేస్తాయి గనుక శరీరం విశ్రాంతిలో కంటే మూడు రెట్లు, అంతకు పైగా ఆక్సిజన్ వాడుతుంది. ప్రసంగానికి ముందు కండరాలు అంత అడగవు. బోరు మోటారు చప్పుడు విని చేనుకు ఎన్ని నీళ్లు పారాయో చెప్పలేం కదా, ఇదీ అంతే. చేతిని తాకినా కొంత తెలుస్తుంది: కంగారులో చర్మపు రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు చల్లబడతాయి, అరచేయి చెమరుస్తుంది; కాసేపు నడిస్తే ఒళ్లు వెచ్చబడుతుంది.

నాడిని బట్టి కేలరీలు లెక్కగట్టే చేతిగడియారం ఇక్కడే పొరబడవచ్చు. ఆటలో నాడి 104కు చేరిందని సాయంత్రపు నడక మానేస్తే, ఆ రోజు కాళ్ల కండరాలకు పని దొరకనట్లే.