రిసెప్షన్‌లో రాత్రి రెండు గంటలకు...

గది అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర ఎవరు ఎప్పుడు కూర్చోవాలో నిర్ణయించేది మేనేజరు అనుకుంటాం. కానీ రైళ్లు, ముహూర్తాలు, 'ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్' అన్న బోర్డు... అసలు నిర్ణయం వీటిదే!

తెల్లవారుజాము అయిదు గంటలు. కొవ్వూరులో ఓ లాడ్జీ ముందు ఆటో ఆగింది. రాత్రంతా రైల్లో వచ్చిన కుటుంబం, చేతుల్లో సంచులు, భుజాన నిద్రపోతున్న పిల్లాడు.

"బాబూ, రూముందా?"

"ఆయ్, ఉందండి. అయిదు నిమిషాలు కూర్చోండి, దుప్పట్లు మార్పిస్తాను."

ఆ మాట పూర్తికాకుండానే మెట్ల మీంచి మరో ఇద్దరు దిగారు. "మా బిల్లు ముందు చూడండి. ఇంకో పావుగంట దాటితే రెండో రోజు అద్దె అంటారు మళ్లీ!" అంటూ తాళంచెవి బల్ల మీద పెట్టారు. లోపల ఫోను మోగుతోంది. కౌంటర్లో ఉన్నది ఒక్కడే. అతను రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కినవాడు.

చిన్న ఊళ్లలో హోటల్ కౌంటర్ అంటే తీరిగ్గా పేపరు చదువుకునే ఉద్యోగమనుకుంటారు చాలామంది. రోజులో పదహారు గంటలు అలాగే ఉంటుంది కూడా. మిగతా ఎనిమిది గంటల్లోనే ఉంది అసలు కథంతా. ఆ గంటలేవో కనిపెట్టి, మనిషిని సరిగ్గా అప్పుడే అక్కడ నిలబెట్టడమే డ్యూటీ చార్టు.

బోర్డు మారితే రద్దీ మారుతుంది

పెద్ద నగరాల్లోని స్టార్ హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకి అందరూ ఖాళీ చేయాలి. కాబట్టి తొమ్మిది నుంచి పన్నెండు దాకా వెళ్లేవాళ్ల రద్దీ, రెండు దాటాక వచ్చేవాళ్ల రద్దీ. మధ్యలో గదులు శుభ్రం చేసుకునే వ్యవధి. ఉదయం డ్యూటీవాళ్లు, సాయంత్రం డ్యూటీవాళ్లు మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు కలిసి ఉండేలా చార్టు వేస్తే సరిపోతుంది.

మన గోదావరి ఊళ్ల లాడ్జీల్లో చాలాచోట్ల 'చెక్ అవుట్ 24 గంటలు' అని ఉంటుంది. వచ్చిన వేళకే మర్నాడు ఖాళీ చేయాలన్నమాట. అతిథికిది ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. కౌంటర్లో మాత్రం చిక్కు ఇక్కడే పుడుతుంది. ఇవాళ తెల్లారి అయిదింటికి వచ్చినవాళ్లు రేపు తెల్లారి అయిదింటిలోపు వెళ్లాలని చూస్తారు. సరిగ్గా ఆ వేళకే కొత్త రైలు ప్రయాణికులు దిగుతారు. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకే గంటలో, ఒకే బల్ల దగ్గర ఎదురెదురు పడతారు.

దాన్ని నిమిషాల్లోకి మార్చి చూద్దాం. గుర్తింపు కార్డు నకలు తీసి, రిజిస్టరు రాయించి, అడ్వాన్సు తీసుకుని తాళం ఇవ్వడానికి ఎంత చురుకైనవాడికైనా ఎనిమిది నిమిషాలు పడుతుందనుకోండి. గది చూసి రమ్మని కుర్రాణ్ని పంపి, బిల్లు కట్టించుకోవడానికి అయిదు నిమిషాలు. ఒక గంటలో ఆరుగురు వచ్చి, నలుగురు వెళితే... నలభై ఎనిమిదికి ఇరవై కలిపి అరవై ఎనిమిది నిమిషాల పని! గంటకేమో అరవై నిమిషాలే. ఆ ఎనిమిది నిమిషాలే క్యూగా నిలబడతాయి. రెండో మనిషి ఉంటే తలా ముప్ఫై నాలుగు నిమిషాల పని. క్యూ ఉండదు, గొడవా ఉండదు.

నిండిన గదులు వేరు, పని వేరు

డ్యూటీ చార్టు వేసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. 'ఈ వారం గదులు నిండుతున్నాయి, మనుషుల్ని పెంచుదాం' అనుకోవడం.

నలభై గదుల లాడ్జీ ఒకటి ఊహించుకుందాం. ఒక వారం ఏదో కంపెనీ ఇంజినీర్లు ముప్ఫై గదులు తీసుకుని ఏడు రోజులుంటారు. మరో వారం శనివారం రాత్రి పెళ్లివారు ముప్ఫై గదులు తీసుకుంటారు. రెండింటిలోనూ గదులు డెబ్బై అయిదు శాతం నిండినట్టే. కానీ ఇంజినీర్లున్న వారంలో మొదటిరోజు తప్ప కౌంటర్లో ఈగలు తోలుకోవడమే. పెళ్లివారు వచ్చిన సాయంత్రం? బస్సు దిగీదిగగానే ముప్ఫై తాళాలు కావాలి. మర్నాడు అప్పగింతలయ్యాక ముప్ఫై తాళాలూ ఒకేసారి బల్ల మీదికొస్తాయి. నిండుదనం చెప్పేది గల్లాపెట్టె సంగతి. కౌంటర్ పని చెప్పాలంటే ఆ రోజు వచ్చేవాళ్లను, వెళ్లేవాళ్లను కలిపి లెక్కపెట్టాలి.

ఆ లెక్కకు కంప్యూటరే ఉండక్కర్లేదు. పాత రిజిస్టరు చాలు. ప్రతి వరుసలో వచ్చిన టైము, వెళ్లిన టైము రాసే ఉంటాయి. నాలుగు వారాల పేజీలు ముందేసుకుని, కాగితం మీద ఇరవై నాలుగు గళ్లు గీసి, ఏ గంటకు ఎందరో గీతలు పెడుతూ పోతే సాయంత్రానికల్లా ఊరి నాడి దొరుకుతుంది. కొవ్వూరు లాంటి ఊళ్లో తెల్లవారుజామున ఒక గుట్ట, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మరో గుట్ట కనిపిస్తాయి. 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన పుణ్యమా అని రాజమండ్రి ఎదుటి గట్టే కదా! అక్కడ గదులు దొరకని ముహూర్తం రోజుల్లో పెళ్లిళ్లకొచ్చినవాళ్లు ఇటు తిరుగుతారు.

అందుకే తెలివైన మేనేజరు గోడకు రెండు కాగితాలు తగిలిస్తాడు... ఒకటి డ్యూటీ చార్టు, రెండోది పంచాంగం క్యాలెండరు. ఆషాఢంలోనూ మూఢంలోనూ సెలవులు ధారాళం. మాఘంలో, శ్రావణంలో సెలవడిగితే, 'మీ సొంత చెల్లెలి పెళ్లైతే తప్ప కుదరదండీ' అంటాడు!

ఎంతమంది కావాలి?

కౌంటర్ రోజుకు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండాలి. అంటే వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే మూడున్నర మంది కావాలి. సగం మనిషి ఎక్కడా దొరకడు కాబట్టి నలుగురు. చాలామంది యజమానులు ఇక్కడే ఆగిపోతారు. తెల్లవారుజామున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు రెండో మనిషి ఉండాలంటే వారానికి మరో 42 గంటలు కలుస్తాయి. మొత్తం 210. ఇప్పుడు అయిదుగురు కావాలి. అయిదుగురికి 240 గంటలు. మిగిలిన ముప్ఫై గంటలు జ్వరాలకీ, గృహప్రవేశాలకీ, బస్సు తప్పిపోవడానికీ!

ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అంటే విరిగిన డ్యూటీ. మధ్యలో పదిగంటల ఖాళీ. ఊళ్లోనే ఇల్లున్నవాళ్లకు సరే, నిడదవోలు నుంచి వచ్చేవాళ్లకది శిక్షే. ఆరు గంటలే అయినా పూర్తి రోజు కింద లెక్కగట్టి, ఊళ్లోవాళ్లకే ఇవ్వడం న్యాయం. ఇంకో సంగతి, రాత్రి డ్యూటీ దిగినవాణ్ని అదే మధ్యాహ్నం మళ్లీ పిలవకూడదు. ఉదయం, సాయంత్రం, రాత్రి, ఆ తర్వాత సెలవు... ఇలా ముందుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే నిద్రలేని చేత్తో రాసిన అంకెలు ఎలా ఉంటాయో రాత్రి లెక్కలో బయటపడుతుంది.

207 నంబరు గది

రాత్రి రెండు గంటలు. చివరి అతిథులూ పడుకున్నారు. తెల్లారి రద్దీకి ఇంకా మూడు గంటలుంది. హోటల్‌వాళ్లు 'నైట్ ఆడిట్' అనేది ఇప్పుడే. కేలండర్లో తేదీ అర్ధరాత్రి మారినా హోటల్ రోజు మాత్రం ఈ లెక్క తేలాకే మారుతుంది. ఉన్న ప్రతి గదికీ ఆ రోజు అద్దె, దాని మీద పన్ను బిల్లులో ఎక్కించాలి. డబ్బు, కార్డు, ఫోన్‌పే లాంటి చెల్లింపులు వేరువేరుగా సరిపోవాలి. ఎన్ని గదుల్లో మనుషులున్నారో మూడు చోట్ల చూడాలి... రిజిస్టర్లో, తాళాల పలకలో, రాత్రి అంతస్తులు తిరిగి వచ్చిన కుర్రాడి చీటీలో.

మన నలభై గదుల లాడ్జీలో ఓ ముహూర్తపు రాత్రి ఇలా తేలిందనుకోండి. రిజిస్టరు ముప్ఫై ఒక్క గదులంటోంది. తాళాల పలకేమో ముప్ఫయ్యే అంటోంది. కుర్రాడి చీటీలోనూ ముప్ఫయ్యే. తేడా 207 దగ్గర. రిజిస్టర్లో అతిథి ఉన్నాడు, తాళం మాత్రం మేకుకే వేలాడుతోంది. బిల్లు ఎగ్గొట్టి పారిపోయాడా?

తొందరపడకుండా గల్లాపెట్టె లెక్కపెట్టాలి. ఉండాల్సింది 23,600. ఉన్నది 24,700. పదకొండు వందలు ఎక్కువ! 207 అద్దె రెండు వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి గదుల మీద జీఎస్టీ అయిదు శాతం కాబట్టి మొత్తం 2,100. అడ్వాన్సు వెయ్యి పోను రావాల్సింది సరిగ్గా పదకొండు వందలే. అతిథి నిజాయతీగా కట్టే వెళ్లాడు. ఎప్పుడు? సాయంత్రం ఏడున్నర దాటాక పెళ్లి బస్సు దిగినప్పుడు. ఆ పూట రెండో మనిషి సెలవు. ఉన్న ఒక్కడూ ఒక చేత్తో డబ్బు తీసుకుని, రెండో చేత్తో పెళ్లివారికి తాళాలిచ్చాడు. బిల్లు మూయడం మర్చిపోయాడు.

తేడా పదకొండు వందలే కదా అనిపిస్తుంది. ఆడిట్ చేసినవాడు కునికిపాట్లు పడి వదిలేస్తే ఏమయ్యేదో చూడండి. 207 మీద ఇంకో రోజు అద్దె పడేది. ఖాళీ గది నిండినట్టే కనిపించేది. తెల్లారి వచ్చిన కుటుంబంతో 'రూముల్లేవండి' అనేవాళ్లు. దీనికి తిరగేసిన తప్పు మరీ ప్రమాదం. మనుషులున్న గది రిజిస్టర్లో ఖాళీగా ఉండిపోతే, కొత్తవాళ్లకు తాళమిచ్చి పంపుతారు. నిద్రపోతున్న వాళ్ల గది తలుపు బయటి నుంచి తెరుచుకుంటుంది. ఆ అరుపులు విన్న రిసెప్షనిస్టు జన్మలో మర్చిపోడు.

ఇరవై నాలుగు గంటల పద్ధతిలో రాత్రి లెక్కకు ఇంకో మెలిక ఉంది. రాత్రి ఒకటిన్నరకు దిగినవాళ్లు మర్నాటి రాత్రి రెండుంపావుకి ఖాళీ చేస్తారు. గంట దాకా చూసీచూడనట్టు పోవడం రివాజున్న లాడ్జీలో వాళ్లు కట్టాల్సింది ఒక రోజు అద్దే. కానీ మధ్యలో రెండింటికి ఆడిట్ నడిచింది. యంత్రం ఎవరు ఎప్పుడొచ్చారని అడగకుండా రెండో రోజు అద్దె ఎక్కించేసింది! అందుకే అద్దె ఎక్కించేముందు, ఆ గంటలో గడువు ముగిసే గదుల జాబితా ఒకటి తీసి పక్కన పెట్టుకోవాలి. అలాగే, పొద్దున ఖాళీ అయిన గదిని శుభ్రం చేసి మధ్యాహ్నానికి ఇంకొకరికి ఇస్తే ఆ రోజు నలభై గదులకు నలభై మూడు అమ్ముడైనట్టు వస్తుంది. అది తప్పు కాదు, గది ఒకటే అయినా అద్దెలు రెండు!

రాత్రి మనిషి నాలుగింటికల్లా లెక్క ముగించి, తెల్లారి వెళ్లేవాళ్ల జాబితా, వాళ్ల బాకీలు ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెడతాడు. అయిదింటికి రెండో మనిషి వచ్చేసరికి సగం బిల్లులు తయారుగా ఉంటాయి. ఆ జాబితా కింద చిన్నగా ఇంకో వరుస: '207, రా. 7.40, బిల్లు మూయలేదు, ఒక్కడే ఉన్నాడు.' ఇలాంటి వరుసలు నెలకు ఎన్ని, ఏ గంటల్లో అన్నది చూసే మేనేజరు వచ్చే నెల చార్టు గీయాలి. తప్పు చేసినవాడి జీతంలో కోత వేసి చార్టు అలాగే ఉంచితే, మళ్లీ ముహూర్తానికి అదే గంటలో అదే వరుస.

కొవ్వూరుకి ముందున్న అతిపెద్ద రద్దీ గోదావరి పుష్కరాలే. గోష్పాద క్షేత్రం రేవు దగ్గర 2015 జులైలో పన్నెండు రోజులు చూసిన జనాన్ని ఊరు మర్చిపోలేదు. మళ్లీ 2027 జూన్ 26 నుంచి. అప్పుడు గదులు నిండతాయా అన్నది ప్రశ్నే కాదు. స్నానం చేసి పూటలో వెళ్లిపోయేవాళ్లే ఎక్కువైతే ఒక్కో గది రోజుకు రెండుసార్లు చేతులు మారుతుంది. నలభై గదులకు ఎనభై రాకలు, ఎనభై పోకలు. ఎనిమిది నిమిషాలు, అయిదు నిమిషాల లెక్కన పదిహేడు గంటలకు పైగా ఖాళీ లేని పని... అదీ సమానంగా కాదు, తెల్లవారుజామునే సగం. ఆ పన్నెండు రోజులకు కౌంటర్లో ముగ్గురు ఉండాలా, నలుగురు ఉండాలా అన్న చార్టు గీయడానికి కావలసిన 2015 నాటి రిజిస్టరు ఏ అటక మీదుందో ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి.