ఆలుమగల గొడవ: స్నేహితురాలి మెసేజ్‌కి జవాబేమిటి?

రాత్రి పదిన్నరకి స్నేహితురాలు వాట్సాప్‌లో ఇలా రాసిందనుకోండి: ‘ఈయనతో ఇక నా వల్ల కాదు. తమ్ముడికి లక్షన్నర ఇచ్చాడట. నాకు ఒక్క మాట చెప్పలేదు.’

ఇలాంటిది చదవగానే మనలో చాలామంది మూడు జవాబుల్లో ఏదో ఒకటి పంపేస్తాం. ‘ఆయన మొదట్నుంచీ అంతేగా, నేను అప్పుడే అనుకున్నా’ అనేది ఒకటి. ‘పోనీలే, సొంత తమ్ముడికేగా, సర్దుకుపో’ అనేది రెండోది. ‘మా ఇంట్లోనూ ఇదే గోల’ అని మన కథ మొదలుపెట్టడం మూడోది. మొదటి దాంతో ఆమె పక్షం చేరిపోయాం. రెండో దాంతో భర్త తరఫు వకాల్తా పుచ్చుకున్నాం. మూడో దాంతో ఆమె గోడు పక్కకు పోయి మనది మొదలైంది.

వీటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది మొదటిదే. ఆలుమగలు రెండ్రోజుల్లో కలిసిపోతారు. మనం ఆయన్ని తిట్టిన మెసేజ్ మాత్రం ఫోన్‌లో అలాగే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు అది ఆయన కంట పడొచ్చు. ఆయన చూడకపోయినా, ఆమెకి అది గుర్తుంటుంది. మళ్ళీ గొడవైతే మనకి చెప్పుకోవడానికి మొహమాటపడుతుంది.

మరి ఏం రాయాలి? అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి 1957లో వినడం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో చెప్పిన పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఎదుటివారి మాటల్లో మనకి అర్థమైన భావాన్ని తిరిగి వారికే చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవాలి.

పై మెసేజ్‌కి ఇలా రాయొచ్చు: ‘చదివాను. డబ్బు పోయిందని కాదు, నిన్ను అడక్కుండా ఇచ్చాడని బాధగా ఉన్నట్టుంది. అంతేనా?’

చివరి ‘అంతేనా’ ముఖ్యం. మన ఊహ తప్పైతే సరిదిద్దే వీలు ఆమెకి దొరుకుతుంది. ‘అదే కాదే. అత్తయ్యకి ముందే తెలుసట. ఇంట్లో అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలీదు’ అని ఆమె రాస్తే, అసలు సంగతి అప్పుడు బయటపడినట్టు. లక్షన్నర గురించి లెక్కలు చెప్పినా, మరిదిని తిట్టినా ఈ మాట దాకా వచ్చేవాళ్ళం కాదు.

దీనికి ‘అందరికీ తెలిసి నీకు తెలీకపోతే కోపం రాదూ మరి’ అనొచ్చు. ‘తప్పంతా ఆయనదే’ అనకూడదు. ఆమె బాధ మన కళ్ళ ముందుంది కాబట్టి దాన్ని ఒప్పుకోవచ్చు. ఆయన ఎందుకు దాచాడో మనకి తెలీదు, తమ్ముడే ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడేమో. ఆపైన ఒక్క ప్రశ్న: ‘ఇప్పుడు నేను వినాలా, ఏమైనా ఆలోచన చెప్పాలా?’ ఆమె అడిగితేనే సలహా.

వినడానికీ ఒక హద్దుంది. మనస్తత్వవేత్త అమండా రోజ్ 2002లో పిల్లలు, టీనేజర్ల స్నేహాలపై ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే సమస్యను పదేపదే తవ్వుకుంటూ మాట్లాడుకునేవారిలో స్నేహం దగ్గరవుతోంది, దాంతో పాటే దిగులు, ఆందోళన కూడా ఎక్కువగా కనిపిస్తున్నాయని అందులో తేలింది. పెద్దవాళ్ళలోనూ ఈ వరస మనం చూస్తూనే ఉంటాం. ఒకే మాట మూడోసారి వచ్చి, ప్రతిసారీ కోపం కాస్త పెరుగుతుంటే, అది గుండె బరువు దించుకోవడం కాదని గుర్తుపట్టొచ్చు. అప్పుడు ‘ఈ మాట ఆయనతో ఎప్పుడు అందామనుకుంటున్నావ్?’ అని అడిగితే సంభాషణ జరగాల్సిన చోటికి మళ్ళుతుంది.

ఇదంతా మామూలు గొడవల సంగతి. ఆయన చెయ్యి చేసుకున్నా, బెదిరించినా, డబ్బులివ్వకుండా కట్టడి చేసినా, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోయినా ‘నేను ఎవరి పక్షమూ కాను’ అనడం తగదు. 2005 గృహహింస చట్టం శారీరక హింసతో పాటు మాటలతో, డబ్బుతో పెట్టే హింసను కూడా హింసగానే లెక్కిస్తుంది. ముందు ‘ఇప్పుడు నువ్వు క్షేమంగా ఉన్నావా? ఈ మెసేజ్‌లు ఆయన చూస్తాడా?’ అని అడగాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ఆమె ఫోన్ చేసే పరిస్థితిలో లేకపోతే మీరు చేయండి.

మామూలు గొడవైతే, మర్నాడు ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని ఒక్క మాట అడగండి. ‘ఏం తేలింది?’ అని ఆరా తీయకండి. ఆమె చెప్పింది మరొకరికి చేరవేయకండి, ఆయన మీకు స్నేహితుడైనా సరే.